దసరా సరుకు, దసరా ఆఫరు: ఒక బట్టల దుకాణం లెక్క

తెలంగాణ జిల్లా కేంద్రాల్లోని బట్టల దుకాణాలకు బతుకమ్మ, దసరా కలిసివచ్చే నెలరోజులే అసలు సీజను. ఆంధ్రలో ఆ స్థానం సంక్రాంతిది. ఆ రోజుల్లో దుకాణం కిటకిటలాడటం, గల్లా నిండటం అందరికీ కనిపించేదే. సీజను ముగిశాక యజమాని చేతిలో ఎంత మిగులుతుందన్నది మాత్రం మూడు నిర్ణయాలను బట్టి ఉంటుంది. సరుకు ఎంత తెప్పించారు? ఆఫరు ఏ రోజున మొదలుపెట్టి ఏ రోజున ఆపారు? తగ్గించిన ప్రతి రూపాయికీ బదులుగా ఏం వచ్చింది? ఇవి ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడిచే నిర్ణయాలు. సరుకు అతిగా తెప్పిస్తే దాన్ని వదిలించుకోవడానికి ఆఫరు పెంచాలి. ఆఫరు పెంచితే మార్జిన్ కరుగుతుంది. సరుకు తక్కువైతే ఏ ఆఫరూ పనికిరాదు. చీరలు, మగవాళ్ల రెడీమేడ్లు, పిల్లల బట్టలు అమ్మే ఒక మధ్యతరహా దుకాణాన్ని ఊహించుకుని, లెక్క తేలిగ్గా అర్థమయ్యే అంకెలతో ఈ మూడింటినీ పరిశీలించవచ్చు.

పండగ నుంచి వెనక్కి

పోయిన సంవత్సరం సెప్టెంబరు అమ్మకాలు చూసి ఈ సంవత్సరం సెప్టెంబరుకు సరుకు తెప్పించడం చాలా దుకాణాల్లో జరిగే మొదటి పొరపాటు. పండగలు చాంద్రమానాన్ని బట్టి వస్తాయి. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల అక్టోబరు 20కి జరిగింది. 2025లో సెప్టెంబరు చివరి వారమంటే పండగ ముంగిట ఉన్నట్టు. 2026లో అదే వారం పితృపక్షంలో పడుతుంది, దుకాణంలో ఈగలు తోలుకునే రోజులవి. అందుకే పాత అమ్మకాలను తేదీల ప్రకారం కాకుండా ‘పండగకు ఇన్ని రోజుల ముందు’ అనే లెక్కలోకి మార్చి చూడాలి. పండగకు 30 రోజుల ముందు, 20 రోజుల ముందు, 10 రోజుల ముందు ఏ రకం ఎన్ని అమ్ముడయ్యాయో రాసుకుంటే రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

తేదీ మారితే కొనేవాళ్ల చేతిలో డబ్బు ఉండే సమయమూ మారుతుంది. 2025లో దసరా ఒకటో తారీకు మర్నాడే వచ్చింది. కొత్త జీతం అందేసరికే పండగ వచ్చేసింది. 2026లో జీతం అందాక ఇంచుమించు మూడు వారాల వ్యవధి ఉంటుంది. పల్లెల నుంచి వచ్చే గిరాకీకి తొలి ఏరుడు పత్తి డబ్బు ముఖ్యం. పండగ ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు చేతికొచ్చే అవకాశం అంత ఎక్కువ. చుట్టుపక్కల మండలాల్లో పత్తి ఎలా ఉందో కనుక్కోకుండా పిల్లల బట్టలకు ఆర్డరు పెట్టడం మంచిది కాదు.

2026 క్యాలెండరు ఇలా ఉంది. సెప్టెంబరు 14న వినాయక చవితి. సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 10 దాకా పితృపక్షం. ఆ చివరి రోజైన అమావాస్యనాడే ఎంగిలి పూల బతుకమ్మ. అక్కడి నుంచి పది రోజులకు దసరా. నవంబరు 8న దీపావళి. పితృపక్షంలో కొత్త బట్టలు కొనడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు కాబట్టి ఈ సీజను మధ్యలో తెగిపోయి రెండు ముక్కలవుతుంది. చవితి నుంచి పున్నమి దాకా ఒకటి, అమావాస్య నుంచి దసరా దాకా మరొకటి.

ఈ రెండు ముక్కల్లో అమ్ముడయ్యే సరుకు ఒకటి కాదు. చీర కొన్నవాళ్లు జాకెట్టు కుట్టించుకోవాలి, ఫాల్ వేయించుకోవాలి. పండగ దగ్గరపడేకొద్దీ దర్జీలు కొత్త బట్ట తీసుకోవడం మానేస్తారు. అందువల్ల కాస్త ఖరీదైన చీరల గిరాకీ ముందే వచ్చి ముందే తగ్గుతుంది. కొనగానే వేసుకునే రెడీమేడ్లకు, పిల్లల బట్టలకు చివరి పది రోజులే కీలకం. దుకాణంలో చీరల కౌంటరుకూ పిల్లల కౌంటరుకూ ఒకే తేదీన ఒకే ఆఫరు ప్రకటించడం ఎందుకు నష్టమో ఈ తేడాలోనే ఉంది.

ఎంత తెప్పించాలి

పిల్లల పట్టు పావడాలను ఉదాహరణగా తీసుకుందాం. కొన్న ధర రూ.650, అమ్మే ధర రూ.1,000 (పన్ను కలపకుండా). పోయిన సీజనులో 300 అమ్ముడయ్యాయని కంప్యూటరు చూపిస్తుంది. కానీ ఆ 300 అమ్మకం మాత్రమే, గిరాకీ కాదు. స్టాకు పుస్తకం తిరగేస్తే పండగకు నాలుగు రోజుల ముందే సరుకు అయిపోయిందని, అంతకు ముందు రోజుకు 20 చొప్పున పోయాయని తెలిసింది. ఆ నాలుగు రోజుల్లో తక్కువలో తక్కువ 80 మంది వెనుదిరిగి ఉంటారు. కాబట్టి అసలు గిరాకీ 380. ఈ సవరణ చేయని దుకాణం ఏటా తన కొరతనే మళ్లీ ఆర్డరు చేస్తూ ఉంటుంది. సైజుల విషయంలో ఈ తప్పు ఇంకా లోతుగా దాక్కుంటుంది. మొత్తం 60 పావడాలు మిగిలినా అవన్నీ మరీ చిన్నవో మరీ పెద్దవో అయితే, ఎక్కువ మంది అడిగే మధ్య సైజులు ఎప్పుడో అయిపోయాయన్నమాట. స్టాకు ఉన్నట్టే కనిపిస్తుంది, అమ్మకం మాత్రం ఆగిపోతుంది. అందుకే సరుకు ఎప్పుడు అయిపోయిందన్నది సైజువారీగా రాసుకోవాలి.

380 నడిమి అంచనా. ఈసారి గిరాకీ 320కి పడిపోవచ్చు, 440కి పెరగనూ వచ్చు. మరి ఎన్ని తెప్పించాలి? ఇందుకు రెండు నష్టాలను తూచి చూడాలి. అడిగినప్పుడు సరుకు లేకపోతే పోయే లాభం రూ.350. మిగిలిపోయిన పావడాను వచ్చే ఆషాఢం సేల్‌లో రూ.500కు అమ్మితే వచ్చే నష్టం రూ.150. కొరత వల్ల నష్టం పెద్దది కాబట్టి కొంచెం ఎక్కువే తెప్పించాలి. ఎంత ఎక్కువన్నది ఈ నిష్పత్తే చెబుతుంది. 350ని, 350, 150ల మొత్తమైన 500తో భాగిస్తే 70 శాతం వస్తుంది. అంటే 320 నుంచి 440 దాకా ఉన్న దూరంలో 70 శాతం దగ్గర, ఇంచుమించు 400 దగ్గర ఆగాలి.

అదే పావడా ఆ సంవత్సరపు సినిమా ఫ్యాషన్‌ను పట్టుకుని వచ్చిన డిజైను అయితే, మిగిలింది రూ.300కు కూడా కష్టంగా పోతుంది. అప్పుడు రెండు నష్టాలూ సమానం, 380 దాటకూడదు. ఏడాది పొడవునా పోయే తెల్ల చొక్కాలు, పంచెలు, పెట్టుబడి చీరల సంగతి వేరు. మిగిలినా కార్తీకం పెళ్లిళ్లకూ సంక్రాంతికీ అసలు ధరకే పోతాయి. వాటిని పై అంచనా దాకా ధైర్యంగా పెట్టుకోవచ్చు. పండగతో ముగిసిపోయే సరుకునూ పండగ దాటినా నిలబడే సరుకునూ ఒకే గాటన కట్టి అన్నిటికీ ‘పోయినసారి కన్నా 20 శాతం ఎక్కువ’ అని ఆర్డరు పెట్టడమే గోడౌన్లలో పాత సరుకు పేరుకుపోవడానికి పెద్ద కారణం.

400 నిర్ణయమయ్యాక కూడా అన్నీ ఒకేసారి దించుకోనక్కర్లేదు. రెడీమేడ్లలో రెండో విడత దొరుకుతుంది. మొదట 280 తెప్పించి, 120ని తరువాతి నిర్ణయానికి వదిలిపెట్టవచ్చు. పోయిన సీజను లెక్క ప్రకారం పండగకు 15 రోజుల ముందు దాకా మొత్తం గిరాకీలో పావు వంతు, అంటే 95 అమ్ముడయ్యాయి అనుకుందాం. ఈసారి ఆ రోజుకు 110 పోతే సీజను 440 వైపు నడుస్తోందని అర్థం, మిగిలిన 120 వెంటనే తెప్పించాలి. 80 మాత్రమే పోతే అది 320 సీజను, 40 తెప్పిస్తే చాలు. పితృపక్షం ఎక్కడ పడిందో చూసి ఈ పోలికను సరిచేసుకోవాలి. ఈ పద్ధతి పనిచేయాలంటే వ్యాపారి నుంచి సరుకు వారం పది రోజుల్లో దుకాణానికి చేరాలి, ఆ మాట ముందే తీసుకోవాలి.

చేనేతకు ఈ వెసులుబాటు లేదు. గద్వాల, పోచంపల్లి, నారాయణపేట చీర మగ్గం మీద రోజుల తరబడి తయారవుతుంది, పని ఎక్కువున్న చీరకు వారాలు పడుతుంది. సెప్టెంబరు చివర్లో ఫోను చేసి ఇంకో యాభై పంపమంటే పంపే వీలుండదు. చేనేత ఆర్డరు వేసవిలోనే మొత్తంగా ఖరారు కావాలి. అందుకే అందులో రంగుల ఎంపిక ముఖ్యం, సంఖ్య కొంచెం తక్కువగా ఉన్నా ఫరవాలేదు. కొరత వచ్చిన చేనేత చీరకు ధర తగ్గించాల్సిన అవసరం ఎలాగూ ఉండదు.

ఆఫరు ఎప్పుడు

ఆఫరు చేయాల్సిన పని రెండే: రాని గిరాకీని రప్పించడం, ఆగిపోయిన సరుకును కదిలించడం. తానుగా వచ్చే గిరాకీ ముందు ఆఫరు పెట్టడమంటే వచ్చిన డబ్బు తిరిగి ఇచ్చేయడమే. బతుకమ్మ మొదలయ్యాక పిల్లకు పావడా కొనడానికి వచ్చిన తల్లి ఆఫరు లేకపోయినా కొంటుంది. ఆమెకు కావాల్సింది సైజు, రంగు, త్వరగా బిల్లు. ఆ పది రోజుల్లో 20 శాతం తగ్గింపు బోర్డు పెట్టడం వల్ల అమ్మకం పెద్దగా పెరగదు, లాభం మాత్రం కచ్చితంగా తగ్గుతుంది. ఎదుటి దుకాణం బోర్డు పెట్టిందన్న భయంతోనే చాలామంది ఆ పని చేస్తారు. ఆ భయానికి ధర తగ్గింపు కన్నా మంచి జవాబు, నిండుగా ఉన్న సైజు సెట్లు.

2026 లెక్కలో చీరల ఆఫరుకు సరైన సమయం సెప్టెంబరు 14 నుంచి 26 దాకా. అప్పుడు దర్జీ దొరుకుతాడు, ముందే కొనడానికి కారణం ఉంటుంది. ఈ ఆఫరు ధర తగ్గింపే కానక్కర్లేదు. జాకెట్టు కుట్టుకూలి, ఫాల్ దుకాణమే భరిస్తానంటే, ఆడవాళ్లకు అసలు చిక్కు తీరుతుంది, దుకాణానికి టోకున కుట్టించుకోవడం వల్ల ఖర్చు తక్కువ పడుతుంది, చీర ధర చెక్కుచెదరదు. పితృపక్షంలో ప్రకటనల మీద డబ్బు పెట్టినా తిరిగిరాదు. ఆ రెండు వారాలను సరుకు సర్దడానికి, ట్యాగులు వేయడానికి, సీజను కోసం తీసుకున్న పిల్లలకు బిల్లింగు నేర్పడానికి వాడుకోవాలి. అక్టోబరు 10 నుంచి పండగ దాకా రెడీమేడ్ల కౌంటరులో తగ్గింపు వద్దు. దసరా మర్నాడు సైజు సెట్లు చెదిరిన రకాలను మాత్రమే విడదీసి ధర తగ్గించాలి. దీపావళికి ఇంకా 18 రోజులుంటాయి కాబట్టి మంచి సరుకు ధరను అప్పుడు ముట్టుకోకూడదు.

ప్రకటించిన రోజున ఆఫరు ఆగాలి కూడా. ‘చివరి రెండు రోజులు’ అని బోర్డు పెట్టి రెండు వారాలు పొడిగించే దుకాణం మాటను మరుసటి సంవత్సరం ఎవరూ నమ్మరు, ముందే కొనాల్సిన తొందర పోతుంది. ఆషాఢం సేల్ ఇప్పటికే కొనుగోలుదారులకు ఎదురుచూడటం నేర్పింది. దసరాకు కూడా అదే నేర్పితే అసలు ధరకు అమ్మే రోజులు మిగలవు. ధర పెంచి తగ్గింపు చూపడం అన్నిటికన్నా చెడ్డది. అచ్చువేసిన ఎమ్మార్పీ మీద ఎక్కువ ధర స్టిక్కరు అంటించడం లీగల్ మెట్రాలజీ నిబంధనలకు విరుద్ధం. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చర్యకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వీలు కల్పిస్తోంది. చట్టం మాట పక్కనపెట్టినా, రెండు నెలల కిందట అదే చొక్కా ధర చూసి వెళ్లిన మనిషి ఊళ్లో పదిమందికి చెబుతాడు.

తగ్గించిన రూపాయికి బదులు

తగ్గింపు ఎంత ఖరీదైనదో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. పావడా మీద 20 శాతం తగ్గిస్తే ధర 200 తగ్గి లాభం 350 నుంచి 150కి పడుతుంది. లాభంలో సగానికి పైగా పోయింది. పాత లాభమే రావాలంటే 100 అమ్మే చోట 234 అమ్మాలి. 10 శాతం తగ్గిస్తే 140 అమ్మితే చాలు. ఆఫరు బోర్డు రాయించే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆ 234 కొనడానికి ఊళ్లో అంతమంది ఉన్నారా, అమ్మడానికి అంత సరుకు ఉందా? గోడౌన్‌లో 150 మాత్రమే ఉన్నప్పుడు 20 శాతం ఆఫరు ఇవ్వడం నష్టాన్ని కోరి తెచ్చుకోవడం.

ధర తగ్గించకుండా బిల్లు పెంచడానికి ‘ఇంతకు కొంటే కానుక’ పద్ధతి వాడతారు. ఇదీ లెక్క తప్పితే దెబ్బతీస్తుంది. సగటు బిల్లు రూ.2,200 ఉన్న దుకాణం రూ.3,000 దాటితే రూ.150 ఖరీదు చేసే స్టీలు డబ్బా ఇస్తానంది అనుకుందాం. వంద బిల్లుల్లో 25 ఎలాగూ 3,000 దాటేవే, వాటికీ డబ్బా ఇవ్వాలి. ఇంకో 20 మంది డబ్బా కోసం తలా రూ.700 అదనంగా కొన్నారు. ఆ 14,000 మీద 35 శాతం చొప్పున లాభం రూ.4,900. ఇచ్చిన డబ్బాలు 45, వాటి ఖర్చు రూ.6,750. చూడటానికి అమ్మకం పెరిగింది, నిజానికి రూ.1,850 నష్టం వచ్చింది. హద్దును 4,000కు జరిపితే, ఎలాగూ దాటే బిల్లులు 8కి తగ్గాయి. అదనంగా 14 మంది తలా రూ.1,200 కొన్నారు. లాభం రూ.5,880, 22 డబ్బాల ఖర్చు రూ.3,300, మిగిలింది రూ.2,580. కానుక అదే, మారింది హద్దు ఒక్కటే. కాబట్టి పోయిన సీజను బిల్లులను వరసగా పేర్చి, పదింట ఒకటి కూడా ఎలాగూ దాటని చోట హద్దు పెట్టాలి. అయితే హద్దు మరీ ఎత్తయితే ఎవరూ ప్రయత్నించరు, అందుకే మొదటి రెండు రోజుల బిల్లులు చూసి సరిచూసుకోవాలి.

కుట్టిన బట్టల ధర నిర్ణయంలో జీఎస్టీ గీత ఒకటి దాగి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో బట్ట అమ్మకపు విలువ రూ.2,500 దాకా ఉంటే పన్ను 5 శాతం, దాటితే 18 శాతం. పన్నుతో కలిపి రూ.3,200 ట్యాగు ఉన్న కుర్తా సెట్టును చూద్దాం. 18 శాతం పన్ను పోగా దుకాణానికి రూ.2,712 వస్తుంది. బిల్లులోనే తగ్గింపు చూపి దాన్ని రూ.2,625కు అమ్మితే విలువ సరిగ్గా రూ.2,500, పన్ను 5 శాతమే. కొన్నవాళ్లకు రూ.575 తగ్గింది, దుకాణం వదులుకున్నది రూ.212 మాత్రమే. ఆఫరు ఇవ్వదగ్గ వస్తువు ఏదని వెతికే యజమాని మొదట చూడాల్సింది ఈ గీతకు కొంచెం పైనున్న రకాలను. రూ.2,625కూ రూ.2,950కూ మధ్య ట్యాగు ధరలు ఉంచితే ఏ రేటుతో బిల్లు వేయాలన్న చిక్కు వస్తుంది. ఆ ధరలు వదిలేసి, మిగతావి ఆడిటరుతో ఒకసారి సరిచూసుకుని కంప్యూటరులోకి ఎక్కించాలి.

మార్జిన్ ఎక్కువగా కారిపోయేది ప్రకటించిన ఆఫరులో కాదు, దాని మీద పడే అదనపు తగ్గింపుల్లో. 10 శాతం ఆఫరు, పాత ఖాతాదారు పాయింట్లు మరో 5 శాతం, పైగా బేరమాడితే కౌంటరు మీదున్న మనిషి కొట్టేసే వంద రూపాయలు. మూడూ కలిస్తే ఆ బిల్లులో లాభం ఎంతుందో ఎవరికీ తెలియదు. ప్రతి రకానికీ ఇంతకు తగ్గితే బిల్లు పడకుండా కంప్యూటరులో కింది ధర పెట్టి, దాటాలంటే యజమాని అనుమతి కావాలనే నియమం ఉండాలి. కంపెనీ బ్రాండ్లు ఆఫరు పెట్టమన్నప్పుడు తగ్గింపులో వాళ్ల వాటా ఎంత, క్రెడిట్ నోటు ఎప్పుడిస్తారు, మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటారా అన్నది సీజనుకు ముందే కాగితం మీద రాయించుకోవాలి. పండగ అయ్యాక ఫోనులో అడిగితే దొరికేది వాయిదాలే.

సీజను నడుస్తున్నప్పుడు రోజూ రాత్రి అమ్మకం ఎంతని అడగడం అలవాటు. దానితో పాటు అమ్మిన సరుకు కొన్న ధర తీసివేస్తే మిగిలింది ఎన్ని రూపాయలో కూడా చూడాలి. శాతం కాదు, రూపాయలు. అమ్మకం పోయిన సీజను కన్నా పెరిగి ఈ రూపాయలు తగ్గితే ఆఫరు తప్పుదారిన పడిందని అర్థం, మర్నాడు ఉదయమే మార్చాలి. అద్దె, జీతాలు, దీపావళి బోనసు చెల్లించేది ఆ మిగిలిన రూపాయలతోనే. శాతం కాపాడుకోవాలని ఆగిపోయిన సరుకును పట్టుకుని కూర్చోవడం కూడా తప్పే. రూ.650కి కొన్న చెదిరిన సైజు పావడా రూ.600కు పోతే ఆ డబ్బు సంక్రాంతి సరుకులో పెట్టుబడి అవుతుంది.

ఆ పెట్టుబడి తొందరగానే కావాలి. సింథటిక్ చీరలకు ఆధారమైన సూరత్ టోకు మార్కెట్ దీపావళికి మూతపడుతుంది, కార్మికులు ఊళ్లకు వెళ్లిపోతారు, మళ్లీ పని పుంజుకునేసరికి రోజులు గడుస్తాయి. 2026లో సంక్రాంతికి నిండుగా సరుకు కావాల్సిన దుకాణం దసరా లెక్క అక్టోబరు చివరిలోగా ముగించి, నవంబరు 8కి ముందే సూరత్‌కు ఆర్డరు పంపాలి.